ఫొటో లేకుండా లీకేజీ చెప్పడం: వాష్‌బేసిన్ కింది జాయింటు డైరీ

బేసిన్ కింద తడిని ఫొటో తీసిన ఫోను అదే బేసిన్ కింది బకెట్‌లో పడింది. ఫోనూ పోయింది, ఫొటోలూ పోయాయి. మిగిలింది బటన్ల ఫోను. దానితో మాట్లాడొచ్చు, మెసేజీ పంపొచ్చు, అంతే. చెప్పాల్సింది బాబాయికి. ఏళ్ల తరబడి పైపుల పని చేసిన మనిషే కానీ ఉండేది వేరే ఊళ్లో. కాబట్టి చూసినదంతా మాటల్లోనే పంపాలి, ఆయన అడిగింది కొలిచి చెప్పాలి. మరమ్మతు పని చిన్నదే. ఎక్కడ కారుతోందో అవతలి మనిషికి అర్థమయ్యేలా చెప్పడానికే ఎక్కువ సమయం పట్టింది, అందుకే ఆ భాగం వివరంగా రాస్తున్నా.

వాడినవి: టిష్యూ పేపర్, మి.లీ. గీతలున్న మందు మూత, కుట్టుదారం, స్కేలు, టార్చి, పెన్ను సిరా, సర్దుబాటు రెంచి ఒకటి, స్పానర్ ఒకటి.

దశ 1: "నట్టు దగ్గర కారుతోంది"

మొదట పంపిన మెసేజీ ఇది: "బేసిన్ కింద నట్టు దగ్గర నీళ్లు కారుతున్నాయి. ఎడమవైపు. కొంచెం కొంచెంగా."

బాబాయి ఫోన్ చేశాడు. "ఏ నట్టురా? అక్కడ నాలుగైదు ఉంటాయి. నువ్వు నిలబడి చూస్తే ఎడమా, కింద పడుకుని చూస్తే ఎడమా? కొంచెం అంటే ఎంత, తెల్లారేసరికి గ్లాసు నిండుతుందా, బకెట్ నిండుతుందా?"

మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. ఫొటో ఉన్నా మూడో ప్రశ్నకు జవాబు దొరికేది కాదు. తడిసిన నట్టు ఫొటోలో పడుతుంది గానీ, అది ట్యాపు కట్టేసి ఉన్నప్పుడు తడిసిందా, చేతులు కడుక్కున్నప్పుడు తడిసిందా అన్నది పడదు. బాబాయికి అన్నిటికన్నా ముందు కావలసింది అదే.

ఎడమ, కుడి అనే మాటలు ఆ రోజే మానేశాం. వాటి బదులు గోడ వైపు, గది వైపు, తలుపు వైపు, కిటికీ వైపు అనుకున్నాం. నిలబడినా, వంగినా, వెల్లకిలా పడుకున్నా అవి మారవు.

దశ 2: నీళ్లు నడిచే దారిలో నంబర్లు

పెద్ద నట్టు, చిన్న నట్టు అంటే కుదరదు. నీళ్లు గోడలోంచి వచ్చి మళ్లీ గోడలోకి పోయే దారిలో వరుసగా నంబర్లు వేయమన్నాడు బాబాయి. నంబర్లు రాసిన చిన్న కాగితాలు పైపులకు అంటించాను. జాయింట్లు మాత్రమే కాదు, నీళ్లు బయటికి రాగల ప్రతి చోటుకీ నంబరు ఉండాలి.

1. గోడలోంచి యాంగిల్ కాక్, అంటే బేసిన్‌కు వచ్చే నీళ్లు కట్టేసే చిన్న కాక్, బయటికొచ్చే చోటు. దీని మీద గుండ్రటి స్టీల్ రేకు ఉంది.
2. యాంగిల్ కాక్ పిడి కింద, కాడ లోపలికి దిగే చోటు. దీన్ని గ్లాండ్ అంటారు.
3. యాంగిల్ కాక్ మూతికి కనెక్షన్ పైపు కింది నట్టు కలిసే చోటు.
4. కనెక్షన్ పైపు పై నట్టు, బేసిన్ ట్యాపు కింది మరకు కలిసే చోటు.
5. బేసిన్ రంధ్రంలో వేస్ట్ కప్లింగ్ కూర్చున్న చోటు.
6. వేస్ట్ కప్లింగ్ బాటిల్ ట్రాప్‌లోకి, అంటే వాసన పైకి రాకుండా నీళ్లు నిలిపే సీసాలాంటి భాగంలోకి, దిగే నట్టు.
7. బాటిల్ ట్రాప్ అడుగున విప్పే కప్పు.
8. ట్రాప్ నుంచి గోడలోకి పోయే వేస్ట్ పైపు రెండు చివర్లు.

ఒకటి నుంచి నాలుగు దాకా ఒత్తిడితో ఉండే నీళ్లు, ఐదు నుంచి ఎనిమిది దాకా వాడేసిన నీళ్లు. ఈ రెండూ కలిపి చెబితే ఎంత అనుభవమున్న వాడికైనా ఊహే మిగులుతుంది.

*ఇప్పటికి లెక్క: అనుమానం ఉన్న చోట్లు 8. కొలిచిన నీళ్లు: ఏమీ లేదు.*

దశ 3: ఎప్పుడు కారుతోంది?

తుడవకుండా చూస్తే పాత తడికీ కొత్త తడికీ తేడా తెలియదు. అందుకని ప్రతి పరీక్షకు ముందు అన్నిటినీ పొడిబట్టతో తుడిచి, సందుల్లోకి టిష్యూ మూల దూర్చి ఆరబెట్టాను.

మొదటి పరీక్ష:

1. యాంగిల్ కాక్ పూర్తిగా తెరిచి ఉంచాలి. బేసిన్ ట్యాపు కట్టేయాలి.
2. ఎవరూ బేసిన్ వాడకూడదు.
3. చుక్క పడే చోట మందు మూత పెట్టి అరగంట ఆగాలి.

మూత రెండుసార్లు నిండితే పారబోసి కలిపాను. అరగంటకు 18 మి.లీ. అంటే రోజంతా ఇలాగే పడితే 860 మి.లీ. దాటుతుంది. బాబాయి అడిగిన "ఎంత" అన్నదానికి జవాబు ఇదే. చుక్కలు లెక్కపెట్టి చెప్పొచ్చు గానీ చుక్క సైజు అది పడే అంచును బట్టి మారుతుంది. మూతలో కొలవడమే నయం.

రెండో పరీక్ష:

1. యాంగిల్ కాక్ కట్టేయాలి.
2. బేసిన్ ట్యాపు ఒకసారి తెరిచి మళ్లీ కట్టాలి. ఇది మర్చిపోవద్దు. లేకపోతే కనెక్షన్ పైపులో ఒత్తిడి అలాగే నిలిచి, కాసేపు చుక్కలు పడుతూనే ఉంటాయి.
3. తుడిచి అరగంట ఆగాలి.

ఒక్క చుక్క పడలేదు. దీంతో నంబరు 1 పోయింది. అది యాంగిల్ కాక్ కన్నా ముందే ఉంది, కాక్ కట్టినా దానికి ఒత్తిడి తగ్గదు. లీకు అక్కడే ఉంటే ఆగకూడదు. నంబరు 2 మాత్రం పోలేదు. ఇది పిడి చాలాసార్లు తిప్పే మర రకం కాక్. పూర్తిగా కట్టేస్తే కాడ చుట్టూ ఉండే గదిలోకి నీళ్లు రావు కాబట్టి గ్లాండ్ లీకు కూడా కాక్ కడితే ఆగిపోతుంది.

మూడో పరీక్ష వేస్ట్ వైపు. బేసిన్ రంధ్రం మూసి నీళ్లు నింపాను, తర్వాత యాంగిల్ కాక్ కట్టేశాను, నీళ్లలో సిరా కలిపి ఒక్కసారిగా వదిలాను. 5 నుంచి 8 దాకా చుట్టిన టిష్యూల్లో ఒక్కదానికీ నీలం అంటలేదు. నిండా నింపి ఒకేసారి వదలడం ముఖ్యం. సన్నగా పారే నీటికి కారని నట్టు కూడా నిండుగా పారినప్పుడు కారుతుంది.

*ఇప్పటికి లెక్క: మిగిలినవి 2, 3, 4. కొలిచిన లీకు అరగంటకు 18 మి.లీ.*

దశ 4: చుక్క పడే చోటు వేరు, లీకయ్యే చోటు వేరు

ఇక్కడే బాబాయి, నేను ఎక్కువసేపు తికమకపడ్డాం. చుక్క పడేది నంబరు 7 మీద నుంచి. కప్పు అడుగంతా తడి. టిష్యూ పరీక్షలో మాత్రం అది నిర్దోషి.

కారణం కనెక్షన్ పైపు పొడవు. యాంగిల్ కాక్ మూతి పైకి ఉంది. అక్కడి నుంచి ట్యాపు దాకా ఉన్న దూరానికి ఈ పైపు మరీ పొడుగు, అందుకని ఒక చుట్టు తిరిగి కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్తుంది. వేలాడిన ఆ కడుపు భాగం బాటిల్ ట్రాప్‌కు తగులుతోంది. పైన ఎక్కడో వచ్చిన నీరు స్టీల్ అల్లిక వెంట జారి, కడుపు దగ్గర ట్రాప్ మీదికి ఎక్కి, కప్పు అంచు నుంచి చుక్కగా పడుతోంది. పోయిన ఫొటో ఉండి ఉంటే అందులో కనిపించేది తడిసిన కప్పే. బాబాయి కప్పు వాషర్ మార్చమనేవాడు, నేను మార్చేవాడిని, కారడం ఆగేది కాదు.

"తడి ఎక్కడుందో కాదురా, అన్నిటికన్నా ఎత్తున ఎక్కడుందో చెప్పు" అన్నాడు.

2, 3, 4 కింద ఒక్కొక్క టిష్యూ ఉంగరంలా చుట్టాను. పది నిమిషాలకు 4 కిందిది మాత్రమే తడిసింది. పైపు ఒళ్లంతా సమానంగా చెమ్మగా ఉంటే అది లీకు కాదు, చల్లటి పైపు మీద గాలిలో తేమ పట్టడం. నా పైపు మీద తడి ఒక పక్కన చారలా ఉంది, గోడ వైపు మాత్రమే. ఈ సంగతి చెప్పగానే తేమ మాట వదిలేశాడు.

ఇంకో వింత కూడా మెసేజీలో రాశాను: ట్యాపు తెరిచి ఉన్నంతసేపూ టిష్యూ మీద తడి పెరగడం దాదాపు ఆగిపోతోంది, కట్టేస్తే మళ్లీ మొదలవుతోంది. నాకు ఇది తలకిందులుగా అనిపించింది. బాబాయికి మాత్రం నచ్చింది. ట్యాపు తెరిస్తే నీళ్లకు దారి దొరికి నంబరు 4 దగ్గర ఒత్తిడి పడిపోతుంది. కట్టేస్తే ఒత్తిడంతా అక్కడ నిలబడుతుంది. ఒత్తిడి వైపు లీకుకు ఇది మంచి గుర్తు. బేసిన్ మీద చిందిన నీళ్లు ట్యాపు రంధ్రంలోంచి కిందికి దిగుతుంటే దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. ట్యాపు వాడినప్పుడే తడుస్తుంది, వాడనప్పుడు ఆరుతుంది.

*ఇప్పటికి లెక్క: మిగిలింది 4 ఒక్కటే.*

దశ 5: నంబరు 4లో మూడు సందులు

పనైపోయిందనుకున్నా. కానీ అదే అంగుళంన్నర జాగాలో మూడు చోట్ల నీరు రావచ్చు, మూడింటికీ మందు ఒకటి కాదు. కింద పడుకుని టార్చి వెలుతురులో చూసి ఇలా పేర్లు పెట్టాం:

- క: నట్టు పై అంచు, ట్యాపు మర నట్టులోకి దిగే చోటు.
- ఖ: నట్టు కింది అంచు. ఇక్కడ నట్టు నుంచి మెరిసే స్టీల్ కాలర్ బయటికొస్తుంది. నట్టు దీని మీద వదులుగా తిరుగుతుంది, అందుకే సన్నని సందు ఉంటుంది.
- గ: ఆ కాలర్ కింది అంచు, అల్లిక మొదలయ్యే చోటు.

లోపల వాషర్ దెబ్బతింటే నీరు నట్టులోకి వచ్చి 'ఖ' సందులోంచి దిగుతుంది, కొంత 'క' దగ్గర మర వెంట కూడా రావచ్చు. 'ఖ' పొడిగా ఉండి 'గ' మాత్రమే తడిస్తే లోపలి రబ్బరు గొట్టం చిరిగినట్టో, కాలర్ నొక్కు వదులైనట్టో లెక్క. అప్పుడు వాషర్ మార్చి లాభం లేదు, కనెక్షన్ పైపే మార్చాలి.

టిష్యూను అరసెంటీమీటరు వెడల్పు ముక్కలుగా చింపి మూడు చోట్లా విడివిడిగా చుట్టాను. ముక్కలు ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే కింది తడిని పైది పీల్చేస్తుంది, పరీక్ష చెడిపోతుంది. మొదట ఒకే వెడల్పు ముక్క చుట్టినప్పుడు అదే జరిగింది, మొత్తం తడిసి ఏమీ తేలలేదు.

సన్న ముక్కలతో ఫలితం: క పొడి. ఖ గోడ వైపు తడి. గ తడి. అన్నిటికన్నా ఎత్తున తడి ఉన్నది ఖ. గ తడి పైనుంచి జారినదే.

దశ 6: విప్పకుండా కొలతలు

వాషర్, లేదా పైపు, ముందే తెచ్చుకుని విప్పడం మంచిది. విప్పాక నీళ్లు ఆపి కూర్చోవడం ఎందుకు?

1. నట్టు పైన మూడు మరలు బయటికి కనిపిస్తున్నాయి. వాటి చుట్టూ దారం ఒక చుట్టు బిగించి, కలిసిన చోట గోటితో నొక్కి, స్కేలు మీద పరిచాను: 66 మి.మీ.
2. 3.14తో భాగిస్తే 21 మి.మీ.

మెసేజీలో "21 మి.మీ. మర, ముప్పావు అంగుళం కన్నా కాస్త ఎక్కువ" అని వెళ్లింది. అంగుళం అంటే 25.4 మి.మీ. కాబట్టి లెక్క ప్రకారం అదే వస్తుంది. వెంటనే ఫోన్ వచ్చింది. "బయట 21 ఉంటే అది అరంగుళం మరే. ముప్పావు అయితే బయట 26 పైన ఉంటుంది. నువ్వు చుట్టిన దారం 83 దాకా రావాలి."

పైపుల మరలకు చెప్పే సైజు ఎప్పటిదో పాత లోపలి కొలత పేరు, బయట కొలిస్తే దొరకదు. అందుకే అంగుళాల్లోకి మార్చి పంపొద్దు. దారం పొడవు ఎంతో అంతే రాయాలి, పేరు అవతలి వాళ్లు పెట్టుకుంటారు. సీపీవీసీ పైపుకైతే అంకెలు మళ్లీ వేరు. అరంగుళం పైపు బయట 16 మి.మీ. లోపే ఉంటుంది, దారం 50 వస్తుంది. అందుకని కొలిచింది ఇత్తడి మరనా, ప్లాస్టిక్ పైపునా అన్నది కూడా రాయాలి.

3. కనెక్షన్ పైపు పొడవు: దారాన్ని పైపు ఒంపుల వెంట పరిచి కొలిస్తే నట్టు నుంచి నట్టుకు 45 సెం.మీ.
4. నేరుగా నంబరు 3 నుంచి 4కు: 21 సెం.మీ.

ఇవన్నీ కలిపి పంపిన చివరి మెసేజీ. కావాలంటే మీ అంకెలు పెట్టి వాడుకోండి:

"వాష్‌బేసిన్, చన్నీళ్ల ట్యాపు ఒక్కటే. లీకు ఒత్తిడి వైపు. ట్యాపు కట్టి ఉన్నప్పుడు అరగంటకు 18 మి.లీ. తెరిస్తే తగ్గుతుంది. యాంగిల్ కాక్ కడితే పూర్తిగా ఆగుతుంది. సిరా నీళ్లతో వేస్ట్ వైపు పొడి. అన్నిటికన్నా ఎత్తున తడి: కనెక్షన్ పైపు పై నట్టు కింది అంచు, గోడ వైపు. నట్టు పై అంచు పొడి. ట్యాపు మర ఇత్తడి, చుట్టూ దారం 66 మి.మీ. పైపు స్టీల్ అల్లిక, 45 సెం.మీ. మర మీద తెల్లటి టేపు కొస కనిపిస్తోంది."

చివరి వాక్యం అలవాటుగా రాసింది. పనికొచ్చింది.

దశ 7: బిగిస్తే పెరిగింది

బాబాయి ముందు ఒక పావు చుట్టు బిగించి చూడమన్నాడు, అంతకు మించొద్దన్నాడు. బిగించాక అరగంటకు 5 మి.లీ. మర్నాడు పొద్దున అదే అరగంటకు 26. గట్టిపడిన రబ్బరును నొక్కితే కాసేపు సర్దుకుంటుంది, ఆ తర్వాత చిట్లిన చోట ఇంకా విడిపోతుంది. "తగ్గి మళ్లీ పెరిగింది" అన్న మాటతో వాషర్ సంగతి ఖాయమైపోయింది.

విప్పిన వరుస:

1. యాంగిల్ కాక్ కట్టి, ట్యాపు తెరిచి ఒత్తిడి వదిలాను.
2. ట్యాపు తిరగకుండా పైనుంచి మనిషిని పట్టుకోమన్నాను. కింద రెంచితో నట్టు వదులు చేశాను.
3. పైపు చివర మూతలో పెట్టి మిగిలిన నీళ్లు దింపాను.

లోపల నల్ల రబ్బరు వాషర్ ఒక పక్క 2 మి.మీ. మందం, గోడ వైపు దాదాపు సగానికి నలిగిపోయి ఉంది. వంచితే అక్కడే చీలింది. ట్యాపు మర మీద మాత్రం టెఫ్లాన్ టేపు దండిగా చుట్టి ఉంది. ఈ జాయింటులో నీటిని ఆపేది మర కాదు, వాషర్. టేపు ఎన్ని చుట్లు చుట్టినా ఉపయోగం లేదు సరికదా, నట్టు ముందే బిగుసుకుపోయి వాషర్ సరిగ్గా నొక్కుకోదు. ఎవరు చుట్టారో గానీ అంతా పీకేశాను. టేపు కావలసింది నంబరు 1 లాంటి చోట, మర మీదే నీళ్లు ఆగాల్సిన చోట.

కొత్త వాషర్ వేసి బిగించాను. అరగంటకు 2 మి.లీ. మళ్లీ ఖ దగ్గరే.

నట్టు మళ్లీ విప్పి, ట్యాపు మూతి అంచు మీద వేలు తిప్పి చూడమన్నాడు బాబాయి. నున్నగానే అనిపించింది. గోరుతో తిప్పితే మాత్రం ఒకచోట టక్కున ఆగింది. ఎక్కడో చెప్పడానికి గడియారం వాడాం: గోడ వైపు 12, తలుపు వైపు 3. ఈ రెండూ చెబితే కింద నుంచి చూసినా పై నుంచి చూసినా గడియారం తిరగబడదు. గోరు ఆగింది 11 నుంచి 1 దాకా, సరిగ్గా గోడ వైపు. టార్చి పెడితే పాత వాషర్ తాలూకు రబ్బరు పొర అతుక్కుని కనిపించింది, ఇత్తడి మీద నల్లటి మరకలా. చెక్క పుల్లతో గీకాను. ఇత్తడి మెత్తన, స్క్రూడ్రైవర్‌తో గీకితే గాటు పడుతుంది, ఆ గాటే కొత్త లీకవుతుంది.

తిరిగి బిగించింది ఇలా:

1. వాషర్ పైపు మూతిలో బల్లపరుపుగా కూర్చోబెట్టాను.
2. చేతితో ఆగేదాకా నట్టు తిప్పాను.
3. ఒక చేత్తో కాలర్ కింద పైపు పట్టుకుని, రెంచితో పావు చుట్టు. పైపు మెలి తిరగకుండా అల్లిక మీద ముందే మార్కర్‌తో నిలువు గీత గీసుకున్నాను, బిగించాక గీత వంకర కాలేదు.
4. ట్యాపు కట్టి, యాంగిల్ కాక్ మెల్లగా తెరిచాను.

*అరగంట కొలతలు వరుసగా: 18, బిగించాక 5, మర్నాడు 26, కొత్త వాషర్‌తో 2, మూతి గీకాక 0. రాత్రంతా ఉంచిన మూత పొద్దున కూడా పొడి. మార్చినవి: వాషర్ ఒకటి. తీసేసినవి: టేపు.*

మిగిలినవి

రెండు పరీక్షల కోసం పిడి తిప్పినందుకు యాంగిల్ కాక్ గ్లాండ్ దగ్గర సన్నటి చెమ్మ మొదలైంది. చాలాకాలం కదపని కాక్‌కు ఇది మామూలేనట. గ్లాండ్ నట్టు స్పానర్‌తో ఒక చిన్న కదలిక, ఎనిమిదో వంతు చుట్టు కూడా కాదు, చెమ్మ ఆగింది. పిడి ఇంకా చేత్తో తిరుగుతోంది, తిరగనంత బిగిస్తే ఎక్కువైనట్టు.

ఈ పద్ధతికి దొరకని లీకు ఒకటుంది. నంబరు 1 రేకు చుట్టూ గోడే తడిగా ఉంటే, అది రేకు వెనక మరనా, గోడ లోపలి పైపునా అన్నది టిష్యూతో తేలదు. అక్కడ మాటలతో తేల్చాలని చూడకుండా మనిషిని పిలవాల్సిందే.

కనెక్షన్ పైపు అలాగే ఉంది, కడుపు ట్రాప్‌కు ఇంకా రాసుకుంటోంది. 21 సెం.మీ. దూరానికి 30 సెం.మీ. పైపు చాలంటున్నాడు బాబాయి. అల్లికలో ఒక్క తీగ తెగినట్టు కనిపించినా మార్చేస్తా.